డాక్టర్ వద్దన్నదని చెప్పేద్దామంది అమ్మ

మా మేనమామ కొడుక్కి నన్ను ఇవ్వాలన్న మాట మా ఇంట్లో ఒకరోజు మొదలైంది కాదు. నేను పలక పట్టిన వయసు నుంచీ, పండక్కి అమ్మమ్మ ఊరికి పోతే చాలు, "నీ పెండ్లాం వచ్చిందిరో" అని బావను ఆటపట్టించేవాళ్లు. ఆట అనుకున్నన్నాళ్లు నాకూ నవ్వే వచ్చేది. బీఈడీ అయిపోయి నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో చేరాక, మామ ఒక ఆదివారం వచ్చి, చాయ్ తాగి, గ్లాసు కింద పెడుతూ "మాఘమాసంల పూలుపండ్లు పెట్టుకుందాం చెల్లె" అన్నాడు. అమ్మ నా వైపు చూడకుండానే "నీ ఇష్టమన్నా" అంది.

ఇది రాసేముందు మా ఇంట్లో అడిగాను. పేర్లు, ఊళ్లు రాయనని మాటిచ్చాను. మిగతాది జరిగినట్టే రాస్తున్నాను.

మామది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద పొలం. నాయినకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, అడగకముందే డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టిన మనిషి. నోటు రాయించుకోలేదు, వడ్డీ మాట ఎత్తలేదు. బావ ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజరు. తాగడు, నోరు పారేసుకోడు. పెళ్లి వద్దనడానికి పనికొచ్చే చెడ్డ గుణం ఒక్కటి కూడా లేదు ఆయనకు, అదే నా కష్టం. నేను ఫోన్ చేసి సూటిగా అడిగితే, ఆయనా సూటిగానే చెప్పాడు: "నాకైతే ఇష్టమే. నీకు లేకుంటే చెప్పు, పట్టుబట్టను. కానీ మా నాయినకు ఆ మాట నువ్వే చెప్పాలె, నేను చెప్పలేను."

అమ్మ ఒత్తిడి అరుపుల్లో ఉండేది కాదు. రొట్టె చేస్తూ, పెనం వైపు చూస్తూ, "మా అన్న తోటి సంబంధం తెగితే నాకు పుట్టిల్లు లేనట్టే" అనేది. అమ్మమ్మ ఒక పూట అన్నం మానేసేది. నాయినను అడిగితే "మీ అమ్మ ఎట్లంటే అట్ల" అని పేపరు తిప్పేవాడు. డబ్బు తీసుకున్నది తన గుండె కోసమే కదా, ఆయన మాత్రం ఏం మాట్లాడతాడు.

ఆ రోజుల్లో నాకు దొరికిందల్లా చదివాను. ఇట్లాంటి పెళ్లి ఒత్తిడి మీద ఆడపిల్లలు రాసుకున్న అనుభవాలు చాలానే దొరికాయి. మొదట్లో ప్రతిదీ నాదే అనిపించేది. కొన్ని చదివాక ఒకటి గమనించాను. వాటిలో తల్లి ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటుంది, ఎందుకు ఏడుస్తుందో మాత్రం ఉండదు. మేనమామ అంటే పొలం మీద కన్నేసినవాడు, బావ అంటే మొద్దు. రాసినామె అబద్ధం చెప్పిందని కాదు. ఆమె పక్క నుంచి చూస్తే అట్లే కనబడి ఉంటుంది. కానీ మా అమ్మను ఆ తల్లుల్లో కలిపేసి, మా మామను ఆ మామల్లో కలిపేస్తే నా పని సులువయ్యేది తప్ప, నా ఎదురుగా ఉన్న మనుషులు వాళ్లు కాదు. అందుకని ఆ చదువు పక్కనపెట్టి, మేనరికం గురించే చదవడం మొదలుపెట్టాను.

బడిలో ఒక సోషల్ టీచరమ్మ "మేనరికం చట్టం ప్రకారమే చెల్లదు, పో" అంది. ఆ మాట సగమే నిజం. 1955 హిందూ వివాహ చట్టంలో అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు, మేనమామ మేనకోడలు, వీళ్లంతా ఒకరినొకరు చేసుకోకూడని వరసల జాబితాలోనే ఉన్నారు. కానీ ఐదో సెక్షన్‌లోనే, ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే చేసుకోవచ్చని మినహాయింపు ఉంది. మన దగ్గర మేనరికాలు నిలబడేది ఆ మినహాయింపు మీదే. బలవంతంగా ఒప్పించి చేసిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు పోవచ్చని పన్నెండో సెక్షన్ చెప్తుంది. ఆ బలవంతం ఆగిన ఏడాది లోపలే పోవాలి. అమ్మమ్మ ఒక పూట అన్నం మానేయడం బలవంతం కిందికి వస్తుందా రాదా అని ఏ జడ్జిని అడగాలో నాకైతే తెలియలేదు. చట్టం నాకు పెద్దగా పనికి రాలేదు.

సైన్స్ టీచరు ఇంకో దారి చూపించింది. "పిల్లలు అవిటివాళ్లు పుడతరని చెప్పు, ఎవరూ నోరెత్తరు." ఈ మాట నాకు నచ్చింది. నచ్చడమే కాదు, దానికి మా ఇంట్లోనే ఆధారం కూడా ఉంది.

మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, పుట్టు చెవుడు. చిన్నమ్మను ఇచ్చింది అమ్మమ్మ సొంత తమ్ముడికి, అంటే ఆమె మేనమామకే. ఆయన మాకు చిన్నాయన అవుతాడు, అమ్మ మాత్రం ఇప్పటికీ మామా అనే పిలుస్తుంది. పిల్లవాడికి ఏడాది దాటినా ఇత్తడి చెంబు కిందపడితే కూడా తిరిగి చూడకపోయేసరికి తెలిసింది. వాళ్లది మర్రిగూడ వైపు. ఆ వైపు ఎవరికి ఏమైనా జనం ముందు నీళ్లనే అంటారు. ఫ్లోరైడు నీళ్లు పళ్లను, ఎముకలను పాడు చేస్తాయి, నిజమే. పుట్టు చెవుడుకు దానికి సంబంధం లేదు. అది కాదన్నాక, గ్రహణం నాడు చిన్నమ్మ బయటికి వచ్చిందన్నారు. అదీ తేలకపోతే చిన్నమ్మ రాతే అట్లుందన్నారు. ఏ మాట అన్నా చివరికి వచ్చి ఆమె మీదే పడేది. ఆ తమ్ముడు ఇప్పుడు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. వీడియో కాల్‌లో సైగలతో వాడు చెప్పే జోకులకు మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది అమ్మమ్మే.

చదివినకొద్దీ ఒక చోట మేనరికం మహాపాపం అన్నట్టు, ఇంకోచోట ఏమీ కాదన్నట్టు కనిపించింది. లెక్క తెలుసుకుందామని, మా ఫ్యామిలీ డాక్టరు చీటీ పట్టుకుని పంజాగుట్ట నిమ్స్‌కు పోయాను. అక్కడ మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. "ఒక్కదానివే ఎట్ల పోతవ్" అంటూ అమ్మ కూడా బస్సెక్కింది.

నేను రక్తం తీస్తారనుకున్నాను. డాక్టరమ్మ తెల్లకాగితం తీసింది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం. పెళ్లికి మధ్యలో ఒక గీత. దగ్గరి చుట్టరికంలో పెళ్లయితే రెండు గీతలు. అమ్మమ్మ, తాత దగ్గర మొదలుపెట్టి మామ, అమ్మ, చిన్నమ్మ, వాళ్ల పిల్లలు, అందరినీ దించింది. నేను చెప్పలేని చోట అమ్మ చెప్పింది. అమ్మమ్మకు పుట్టి పోయిన ఇద్దరు పిల్లల సంగతి నేను మొదటిసారి ఆ గదిలోనే విన్నాను. చిన్నమ్మ, చిన్నాయన మధ్య రెండు గీతలు పడ్డాయి, తమ్ముడి చదరం నల్లగా నింపింది. తర్వాత తమ్ముడి గురించే చాలాసేపు అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు చిన్నమ్మకు జ్వరంతో దద్దుర్లు వచ్చాయా, నెలలు నిండకముందే పుట్టాడా, పుట్టగానే కామెర్లు ఎక్కువయ్యాయా, మెదడువాపు ఏమైనా వచ్చిందా, బలమైన సూదులు ఇచ్చారా. ఇవన్నీ వినికిడి పోవడానికి కారణాలేనట. అమ్మకు తెలిసినంతలో అవేవీ లేవు. అయితే జన్యువుల నుంచి వచ్చి ఉండొచ్చు, కానీ ఆ అబ్బాయికి పరీక్ష చేయకుండా అదేనని నేను అనను, అంది డాక్టరమ్మ.

తర్వాత అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పింది. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులు ఉంటాయి, ఒకే పుస్తకం రెండు కాపీలున్నట్టు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకదాంట్లో అచ్చుతప్పు ఉన్నా రెండోది బాగుంటే పని నడుస్తుంది. ఇట్లాంటి చెవుడులో రెండిట్లోనూ తప్పుంటేనే వినబడదు. తప్పు ఒక్కదాంట్లోనే ఉన్నవాళ్లు మోసేవాళ్లే తప్ప వాళ్లకు రోగం కాదు. తల్లిదండ్రులిద్దరూ మోసేవాళ్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు నాలుగింట ఒక వంతు అవకాశం. "అంటే తండ్రి దిక్కు నుంచి కూడా వస్తదా మేడం?" అని అడిగింది అమ్మ. రెండు దిక్కుల నుంచి రావాల్సిందే, ఒక్క దిక్కు నుంచి వస్తే చెవుడు రాదని చెప్పింది. అమ్మ ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్లు చిన్నమ్మను ఎవరెవరు ఏమన్నారో తలచుకుంటోందని నాకనిపించింది. ఆ అన్నవాళ్లలో అమ్మ కూడా ఉంది.

ఇక మా లెక్క. తమ్ముడిది జన్యు కారణమే అనుకుంటే చిన్నమ్మా, చిన్నాయనా ఇద్దరూ మోసేవాళ్లు. చిన్నాయన అమ్మమ్మ తమ్ముడు కాబట్టి ఆ తప్పు అమ్మమ్మ పుట్టింటి నుంచే, అంటే అమ్మమ్మ ద్వారానే వచ్చి ఉంటుందని పట్టుకోవచ్చు. అమ్మమ్మ నుంచి అది మామకు వచ్చే అవకాశం సగం, అమ్మకు వచ్చేది సగం. మామ నుంచి బావకు అందులో సగం, అంటే నాలుగో వంతు. అమ్మ నుంచి నాకూ నాలుగో వంతే. మేమిద్దరం మోసేవాళ్లం అయ్యే అవకాశం పదహారింట ఒకటి. దాన్ని బిడ్డకు ఉండే నాలుగో వంతుతో గుణిస్తే అరవై నాలుగింట ఒకటి. అంటే నూటికి ఒకటిన్నర.

"ఇది ఆ ఒక్కదాని లెక్క," అంది డాక్టరమ్మ. ఏ చుట్టరికమూ లేని దంపతులకు కూడా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. బావామరదళ్లయితే, ఇంట్లో తెలిసిన జబ్బు లేకపోయినా, అది దాదాపు రెట్టింపు అవుతుంది, నూటికి నాలుగు నుంచి ఆరు. మేనమామను చేసుకుంటే చుట్టరికం ఇంకా దగ్గర కాబట్టి ఇంకా ఎక్కువ. మీకు అనుమానం తీరాలంటే ముందు ఆ అబ్బాయి రక్తంలో చూడాలి, ఎక్కువగా జీజేబీ2 అనే జన్యువుతో మొదలుపెడతాం, అందులో తప్పు దొరికితే అదే తప్పు మీ ఇద్దరిలో ఉందా అని చూస్తాం, ఇద్దరిలో ఒక్కరికి లేకపోయినా ఆ భయం పోతుంది. వాడికి చూడకుండా మీ ఇద్దరికే చూస్తే, ఏమీ దొరకకపోయినా, ఏమీ లేదని గట్టిగా చెప్పలేం. చేసుకోమనీ నేను చెప్పను, వద్దనీ చెప్పను, అంది.

నేను అక్కడికి పోయింది "వద్దు" అన్న మాట కోసం. అది దొరకలేదు.

తిరుగు బస్సులో, చౌటుప్పల్ దాటాక, అమ్మ మెల్లగా అంది: "డాక్టర్ వద్దన్నదని చెప్పేద్దాం. పుట్టే పిల్లలు చెవిటోళ్లు అయితరన్నదని చెప్తే మా అన్న కూడా ఏమనుకోడు. ఎవరికీ బాధుండదు."

అంటే అమ్మ ఒప్పుకున్నట్టే. నాకు ఇష్టం లేదని ఆమెకు ఎప్పుడో తెలుసు. అన్న దగ్గర ఆ మాట చెప్పే ధైర్యం లేక, డాక్టరమ్మ నోట చెప్పించాలని చూస్తోంది. ఆ క్షణంలో సరే అనేస్తే అయిపోయేది. మామకు కోపం రాదు, బావకు చిన్నతనం ఉండదు, అమ్మకు పుట్టిల్లు పోదు.

కానీ ఆ మాట ఊరికి చేరితే ఏమవుతుంది? "ఆ ఇంట్ల రోగముందట, నల్లగొండ పిల్లను అందుకే ఇయ్యలేదట" అంటారు. చిన్నమ్మకు తమ్ముడి తర్వాత ఒక కూతురుంది, డిగ్రీ చదువుతోంది. ఆ పిల్లకు వినబడుతుంది. డాక్టరమ్మ లెక్కలో ఆమె మోసేది అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. బయటి సంబంధం చేసుకుంటే దానివల్ల పుట్టే భయం చాలా తక్కువ. కానీ సంబంధాలు చూసేవాళ్లు ఈ లెక్కలు అడుగుతారా? బస్సులో లేని ముగ్గురి మీద, నా ఒక్క మాట బరువంతా పడుతుంది. చిన్నమ్మ మళ్లీ తలకాయ దించుకోవాలి. తమ్ముడు, జోకులేసే వాడు, నా పెళ్లి తప్పించుకోవడానికి సాక్ష్యం అవుతాడు. పైగా అది నిజం కూడా కాదు. నూటికి తొంభైకి పైగా పిల్లలు బాగానే పుడతారన్న లెక్క నేను నా చెవులతో విన్నాను. బావ మీద నాకు మనసుంటే ఆ లెక్కతో ధైర్యంగా పెళ్లి చేసుకునేదాన్నేమో.

ఇదంతా అమ్మకు బస్సులోనే చెప్పాను, పక్క సీటువాళ్లకు వినబడకుండా. అమ్మ ఏడ్చింది. "అయితే మా అన్నకు ఏమని చెప్తవే?" అంది. నాకు ఇష్టం లేదనే చెప్తానన్నాను.

తమ్ముడికి పరీక్ష చేయించమని చిన్నమ్మను అడగాలా అన్నది కొన్నాళ్లు తేల్చుకోలేకపోయాను. నా పెళ్లి సంగతి తేల్చడానికి వాడి రక్తం అడగడం నాకు సబబనిపించలేదు. పోనీ వాళ్ల కోసమే చెప్తే? తమ్ముడికీ రేపు పెళ్లవుతుంది. అందుకే నా సంబంధం మాట పూర్తిగా ముగిసేదాకా ఆగి, తర్వాత చెప్పాలనుకున్నాను. ముందే చెబితే, నేనేం చెప్పినా నా లాభం కోసమే అనిపిస్తుంది.

మామ దగ్గరికి నేనే పోయాను, నాయినను తోడు తీసుకుని. బావకు ముందురోజే ఫోన్ చేసి "రేపు వస్తున్న, వద్దని చెప్పడానికి" అన్నాను. అందరి ముందు హఠాత్తుగా వినే గతి ఆయనకు పట్టకూడదు. ఒక్క క్షణం ఆగి "సరే, ఇంట్లనే ఉంట" అన్నాడు. మామ పొలం నుంచి కాళ్లు కడుక్కుని వచ్చేదాకా వాకిట్లో కూర్చున్నాం. పెద్దమనుషులను పిలవలేదు. పిలిస్తే అది పంచాయితీ అవుతుంది, పంచాయితీలో ఎవరో ఒకరు గెలవాలి.

"మామా, బావ మంచోడు. నాకు అన్నదమ్ముని లెక్కనే అనిపిస్తడు, ఎప్పుడూ గట్లనే అనిపించింది. వేరే ఎవరూ లేరు, డాక్టరు ఏం అనలేదు, అమ్మకు ఇష్టమే ఉండె. నాకే లేదు," అన్నాను. "వేరే ఎవరూ లేరు" అన్నది కావాలనే చెప్పాను. చెప్పకపోతే మొదటి అనుమానం అదే.

మామ చాలాసేపు నన్ను కాదు, నాయినను చూశాడు. "నేను నీకు డబ్బులిచ్చింది పిల్ల కోసమనుకున్నవా బావా?" అన్నాడు. నాయిన, ఈ విషయంలో అప్పటిదాకా నోరు తెరవని నాయిన, "అనుకున్న" అన్నాడు. "అనుకునే ఇన్నిరోజులు మాట్లాడలే." నాకు ఇష్టం లేదన్న మాట కంటే ఆ మాటే మామకు ఎక్కువ తగిలిందనుకుంటాను. లేచి లోపలికి పోయాడు. అత్తమ్మ చాయ్ ఇచ్చింది కానీ నా ముఖం చూడలేదు. బావ మమ్మల్ని బస్టాపు దాకా బండి మీద దింపాడు, ముందు నాయినను, తర్వాత నన్ను. దారిలో "గట్ల చెప్పినందుకు మంచిదే" అని ఒక్క మాట అన్నాడు. బాధ ఉంది ఆయనకు. లేదని నేను ఇక్కడ రాయను.

ఉగాదికి మామ రాలేదు. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తాడు, నాట్ల గురించి, అమ్మమ్మ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. నా పేరు రాలేదట. నాయిన పంటకు కొంత చొప్పున డబ్బు తిరిగి ఇస్తున్నాడు. మొదటిసారి మామ తీసుకోనన్నాడు. అమ్మమ్మ చేత ఇప్పిస్తే తీసుకున్నాడు. అమ్మమ్మ నాతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది, మధ్యమధ్య "బంగారమసొంటి పోరడు" అని ఒక మాట విసురుతుంది, నేను పడతాను. బావకు హుజూర్‌నగర్ వైపు సంబంధం చూస్తున్నారు.

చిన్నమ్మకు సంగతి చెప్పింది నేను కాదు, అమ్మ. ఒక మధ్యాహ్నం మా ఇంట్లో చింతపండు గింజ తీస్తూ, ఇద్దరే ఉన్నప్పుడు, "రెండు దిక్కుల నుంచి రావాల్నటనే, ఒక్క నీ దిక్కు నుంచి కాదట" అంది. చిన్నమ్మ చెయ్యి ఆపలేదు. కాసేపయ్యాక "గదెవరు చెప్పిన్రు?" అని అడిగింది. అమ్మ డాక్టరమ్మ గీసిన కాగితం తెచ్చి చూపించింది. చిన్నమ్మకు చదవడం రాదు. ఏ గుండ్రం తనదో, ఏ చదరం కొడుకుదో వేలు పెట్టి అడిగి తెలుసుకుంది. కూతురికి సెలవులు ఇచ్చాక, కొడుకును తీసుకుని తానే నిమ్స్‌కు పోతానంది. వాడు వస్తాడో రాడో వాడినే అడగాలన్నాను. అడిగింది. వాడు సైగతో, పోయినరోజు షాపు మూస్తే నష్టం ఎవరిస్తారని అడిగి, తర్వాత సరేనన్నాడు.